20 కోట్ల మిల్లు 26 కోట్లకు ఎగబాకిన ఏడాది

(నెల్లూరులో రైస్ మిల్లర్లు, ధాన్యం వ్యాపారుల ముందు ఒక రిటైర్డ్ బ్యాంకు అధికారి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మైకు వెనక దాకా వినిపిస్తోందా? సరే.

నా సొంతూరు కందుకూరు పక్కన. నేను పుట్టినప్పుడు మాది నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం జిల్లా అయింది, 2022లో మళ్లీ నెల్లూరు జిల్లా అయింది. ఇల్లు మాత్రం అక్కడే ఉంది. (నవ్వులు) కాబట్టి మీరు నన్ను మీ మనిషి అనుకున్నా, పొరుగు మనిషి అనుకున్నా తప్పు లేదు.

బ్యాంకులో అప్పుల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఆ రోజుల్లో ఒక మిల్లుకి లిమిట్ పెంచుతూ నేను పెట్టిన సంతకం గురించి ఇవాళ చెప్పాలనుకుంటున్నాను. మిల్లు పేరు చెప్పను. అంకెలు కూడా మీకు నోటికి అందేలా గుండ్రం చేశాను. లెక్క నడిచిన తీరు మాత్రం అదే.

భాగస్వామ్యంలో నడిచే మిల్లు. ఏడాది అమ్మకాలు 20 కోట్లు. లాభం 60 లక్షలు, అంటే నూటికి మూడు రూపాయలు. మొత్తం ఆస్తులు 8 కోట్లు. అందులో షెడ్డు, బాయిలర్, మిషనరీ తరుగుదల పోగా 2 కోట్లు, ధాన్యం, బియ్యం నిల్వ 3 కోట్ల 60 లక్షలు, చెన్నై పార్టీల నుంచి రావాల్సిన బకాయిలు 2 కోట్ల 20 లక్షలు, చేతిలో నగదు, అడ్వాన్సులు 20 లక్షలు. ఈ 8 కోట్లలో సగం, 4 కోట్లు, భాగస్వాముల కేపిటల్. మిగతా 4 కోట్లు బ్యాంకు క్యాష్ క్రెడిట్.

ఆ ఏడాది 60 లక్షల్లో భాగస్వాములు ఇంటికి వాడుకున్నది 24 లక్షలు. మిల్లులోనే వదిలేసింది 36 లక్షలు. అంటే లాభంలో 60 శాతం మిల్లులో ఉంది. రిటెన్షన్ రేషియో అంటే ఇంతే. కంపెనీ అయితే డివిడెండ్ పోగా మిగిలింది చూస్తాం. మీకు డివిడెండ్ ఎక్కడిది, డ్రాయింగ్స్ ఉంటాయి. పేరు మారింది, పని అదే.

ఇంకో రెండు అంకెలు. 60 లక్షల లాభాన్ని 8 కోట్ల మొత్తం ఆస్తులతో భాగిస్తే ఏడున్నర శాతం. అది రిటర్న్ ఆన్ అసెట్స్. అదే లాభాన్ని 4 కోట్ల సొంత కేపిటల్‌తో భాగిస్తే 15 శాతం. అది రిటర్న్ ఆన్ ఈక్విటీ. ఈ మూడు అంకెలు చాలు. బోర్డు మీద రాస్తున్నాను, ఇందులో `b` అంటే మిల్లులో వదిలేసిన వాటా.

```
IGR = (ROA × b) / (1 − ROA × b)
SGR = (ROE × b) / (1 − ROE × b)
```

మొదటిది ఇంటర్నల్ గ్రోత్ రేటు. బ్యాంకు దగ్గర గానీ ఇంకెవరి దగ్గర గానీ కొత్తగా ఒక్క రూపాయి తీసుకోకుండా, మిల్లులో మిగిలిన లాభంతోనే అమ్మకాలు ఎంత పెంచగలరో అది చెబుతుంది. ఏడున్నర శాతంలో 60 శాతం నాలుగున్నర. 0.045ని 0.955తో భాగిస్తే 4.7 శాతం.

రెండోది సస్టెయినబుల్ గ్రోత్ రేటు. ఇందులో అప్పు తెచ్చుకోవచ్చు, కానీ సొంత డబ్బు పెరిగిన నిష్పత్తిలోనే. ఇప్పుడు రూపాయి కేపిటల్‌కి రూపాయి అప్పు ఉంది కదా, ఆ పొత్తు చెడకూడదు. 15 శాతంలో 60 శాతం తొమ్మిది. 0.09ని 0.91తో భాగిస్తే 9.9 శాతం. 1977లో రాబర్ట్ హిగ్గిన్స్ అనే అమెరికా ప్రొఫెసర్ రాసిన వ్యాసంతో ఈ లెక్క బాగా ప్రచారంలోకి వచ్చింది. సంస్థ ఎంత పెరగాలి అని అడగడానికి ముందు, ఎంత పెరుగుదలను భరించగలదు అని ఆయన అడిగాడు. బ్యాంకులో కూర్చుని మేము అడగాల్సిన ప్రశ్న కూడా అదే. మేము అడిగింది మాత్రం మీ టర్నోవర్ ఎంత అని.

కింద ఆ "1 మైనస్" ఎందుకొచ్చిందని కుర్రాళ్లు అడుగుతారు. వచ్చే ఏడాది అమ్మకాలు పెరిగితే లాభం కూడా కాస్త పెరుగుతుంది, అందులో మిగిలేది కూడా కాస్త పెరుగుతుంది. ఆ కాస్తను లెక్కలోకి తెచ్చేది కింద ఉన్న భాగం. నమ్మకం లేకపోతే సరిచూద్దాం. అమ్మకాలు 9.9 శాతం పెరిగితే ఆస్తులు కూడా అంతే పెరగాలి. ధాన్యం ఎక్కువ కొనాలి, బకాయిలు ఎక్కువ పడతాయి. 8 కోట్ల మీద అది సుమారు 79 లక్షలు. లాభం 60 నుంచి దాదాపు 66 లక్షలు అవుతుంది. అందులో 60 శాతం 39 లక్షల 50 వేలు మిల్లులో ఉంటుంది. మిగతా 39 లక్షల 50 వేలు బ్యాంకు ఇస్తుంది. సొంత డబ్బూ అప్పూ ఒకే మొత్తం పెరిగాయి. రూపాయికి రూపాయి అలాగే ఉంది.

ఇప్పుడు ఫార్ములా పక్కన పెట్టి కేపిటల్ ఖాతా తెరవండి. ఏడాది మొదట్లో 3 కోట్ల 64 లక్షలు. 36 లక్షలు చేరి, చివర్లో 4 కోట్లు. 36ని 364తో భాగించండి. ఎంత?

(సభలో ఒకరు: తొమ్మిది పాయింట్ ఎనిమిది తొమ్మిది సార్.)

అంతే. అదే అంకె. సస్టెయినబుల్ గ్రోత్ రేటు అనే పెద్ద పేరు తీసేస్తే, బయట నుంచి కొత్త పెట్టుబడి రాకుండా మీ సొంత కేపిటల్ ఏడాదికి ఎంత శాతం పెరిగింది అన్నదే అందులో ఉంది. అమ్మకాలు ఆ వేగాన్ని దాటి పరిగెత్తితే, ఆ తేడాని ఎవరో ఒకరు మోయాలి. ఎవరు మోస్తున్నారో ముందే తెలిస్తే మంచిది.

ఇక్కడే ఒక చిన్న గుంట ఉంది. పుస్తకాల్లో ఈ ఫార్ములా రెండు రకాలుగా కనిపిస్తుంది. కొన్ని చోట్ల ఉత్తినే ROE × b అని ఉంటుంది, కింద భాగహారం ఉండదు. రెండూ సరైనవే. ఏడాది మొదటి కేపిటల్‌తో రిటర్న్ కడితే ఉత్త గుణకారం చాలు. 60ని 364తో భాగిస్తే 16.5 శాతం, అందులో 60 శాతం 9.9. ఏడాది చివరి కేపిటల్ తీసుకుంటే భాగహారం కావాలి. ఒకదాని కేపిటల్, ఇంకోదాని ఫార్ములా కలిపితే చెడిపోతుంది. చివరి కేపిటల్ తీసుకుని భాగించడం మానేస్తే 9 వస్తుంది. మొదటి కేపిటల్ తీసుకుని మళ్లీ భాగిస్తే 11 వస్తుంది. కంప్యూటర్ షీటులో ఈ తప్పు చాలా ఫైళ్లలో చూశాను.

సరే, కథలోకి వద్దాం. ఆ ఏడాది పంట బాగుంది. చెన్నైలో బియ్యానికి గిరాకీ ఉంది. మిల్లు యజమాని వచ్చి "సార్, వచ్చే ఏడు 26 కోట్లు చేస్తాను" అన్నాడు. ముప్పై శాతం. ఆయన మిల్లు అప్పటికే నిండా నడుస్తోంది, కాబట్టి కొత్త డ్రయ్యరు, ఇంకో లైను వేయాలి. నేను బ్యాంకు లెక్క వేశాను. మీలో చాలామందికి తెలిసిందే, నాయక్ కమిటీ లెక్క. అంచనా అమ్మకాల్లో 25 శాతం వర్కింగ్ కేపిటల్ అవసరం, అందులో 20 బ్యాంకు ఇవ్వాలి, 5 మీరు పెట్టుకోవాలి. 5 కోట్ల లిమిట్ దాటితే పద్ధతి మారుతుంది, ఆ ఫైలు తతంగం వదిలేద్దాం. అదే నిష్పత్తిలో ఇచ్చామనుకోండి. పెరిగే 6 కోట్ల అమ్మకాలకు 20 శాతం, అంటే కోటీ 20 లక్షలు. పాత 4 కోట్లకు ఇది కలిపి సంతకం పెట్టాను. ఆయన సంతోషపడ్డాడు. నేను కూడా. ఆ త్రైమాసికంలో మా బ్రాంచి టార్గెట్‌కి కోటీ 20 లక్షలు కలిసింది మరి.

ఆయన మిగతా డబ్బు ఎక్కడ నుంచి తెస్తాడని నేను అడగలేదు. ఇప్పుడు అడుగుదాం. అమ్మకాలు ముప్పై శాతం పెరిగితే ఆస్తులు 8 కోట్ల నుంచి 10 కోట్ల 40 లక్షలకు పెరగాలి. కొత్తగా కావాల్సింది 2 కోట్ల 40 లక్షలు. లాభం కూడా ముప్పై శాతం పెరిగి 78 లక్షలయితే, అందులో 60 శాతం, 46 లక్షల 80 వేలు, మిల్లులో మిగులుతుంది. బ్యాంకు కోటీ 20 లక్షలు ఇచ్చింది. రెండూ పోను ఇంకా 73 లక్షలు కావాలి.

ఆ 73 లక్షలు ప్రోనోటు మీద వచ్చాయి. రెండు రూపాయల వడ్డీ. ఇక్కడ ఎవరికీ వివరించక్కర్లేదు, నెలకు నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24. అసలు 73 లక్షల మీద వడ్డీ 17 లక్షల 50 వేలు దాటుతుంది. బ్యాంకు అప్పు అమ్మకాలతో సమానంగా పెరిగింది కాబట్టి దాని వడ్డీ నూటికి మూడు రూపాయల మార్జిన్‌లో ముందే పోయింది. ప్రోనోటు వడ్డీ మాత్రం కొత్త ఖర్చు. 78 లోంచి పదిహేడున్నర తీస్తే 60 లక్షల చిల్లర. అంటే 20 కోట్ల మీద ఎంత మిగిలిందో, 26 కోట్ల మీదా అంతే.

అక్కడితో ఆగదు. లాభం 60కి తగ్గితే మిల్లులో వదిలేదీ 46 నుంచి 36కి తగ్గుతుంది. అప్పుడు కంత 73 కాదు, 84 లక్షలు. దాని మీద వడ్డీ ఇంకా ఎక్కువ, లాభం ఇంకా తక్కువ. అలా తిరగేసి తిరగేసి లెక్కిస్తే ప్రోనోట్లు సుమారు 85 లక్షల దగ్గర నిలుస్తాయి, లాభం 57 లక్షల 50 వేల దగ్గర. పన్ను సంగతి తెలిసీ పక్కన పెడుతున్నాను. 6 కోట్ల అమ్మకాలు పెరిగి, లాభం రెండున్నర లక్షలు తగ్గింది. ఏడాది చివర్లో రూపాయి కేపిటల్‌కి అప్పు రూపాయి ముప్పై తొమ్మిది పైసలు అయింది.

ఆయన మీద కోపం వచ్చేదేమీ లేదు. ఒక్క బస్తా కూడా నష్టానికి అమ్మలేదు. ధాన్యం తూకంలో మోసపోలేదు. ప్రతి లోడు మీదా మార్జిన్ వచ్చింది. ఆయన కేపిటల్ మాత్రం 8.6 శాతం పెరిగితే అమ్మకాలు 30 శాతం పెరిగాయి. ఆ తేడా అంతా వడ్డీ వ్యాపారి మోశాడు, ఊరికే మోయడుగా.

(సభలో ఒకరు: సార్, మిల్లు రెండో షిఫ్టు ఖాళీగా ఉండి ఉంటే? కొత్త లైను అక్కర్లేదు గదా?)

మంచి ప్రశ్న అయ్యా. ఈ ఫార్ములా మీద నాకున్న పెద్ద ఫిర్యాదు అదే. ఆస్తులన్నీ అమ్మకాలతో సమానంగా పెరుగుతాయని అది అనుకుంటుంది. ఇంకో బస్తా ధాన్యం పెరిగితే షెడ్డు కూడా గజం పెరుగుతుందా? పెరగదు. ఖాళీ షిఫ్టు ఉంటే పెరగాల్సింది నిల్వ, బకాయిలు, నగదు, అంటే 8లో 6 కోట్లు. అప్పుడు 36 లక్షలను 6 కోట్లతో భాగించండి, 6 శాతం. 0.06ని 0.94తో భాగిస్తే 6.4. అప్పు లేకుండా 4.7 పెరుగుదల అన్నది 6.4 అవుతుంది. మన కథలో 2 కోట్ల 40 లక్షలకు బదులు కోటీ 80 లక్షలు చాలేది. బ్యాంకు కోటీ 20, మిగులు 46 లక్షల 80 వేలు పోతే, కంత 13 లక్షలు. దానికి బావమరిది దగ్గర సర్దుకోవచ్చు. ఆ మిల్లు నిండా నడుస్తోంది కాబట్టే అంత దెబ్బ తగిలింది. అందుకే ఈ రేటు చూసేముందు మిల్లు కరెంటు బిల్లు చూడండి, ఎన్ని గంటలు నడుస్తోందో అదే చెబుతుంది.

ఇంకో చిక్కు మన నెల్లూరు వాళ్లకే ప్రత్యేకం. బ్యాలెన్స్ షీట్ తేదీ మార్చి 31. మన ధాన్యం కళ్లాలకు వచ్చేది కూడా ఆ చుట్టుపక్కలే. సోమశిల నీళ్లు టైముకి వదిలి, కోతలు ముందు పడితే మార్చి 31 నాటికి గోడౌన్ నిండి ఉంటుంది, ఆస్తులు 8 కోట్లు కనిపిస్తాయి. నాట్లు ఆలస్యమై కోతలు ఏప్రిల్‌లోకి జరిగితే అదే గోడౌన్ మార్చి 31న ఖాళీ. ఆస్తులు 5 కోట్ల 50 లక్షలు. అప్పుడు 60 లక్షల లాభాన్ని భాగిస్తే రిటర్న్ ఆన్ అసెట్స్ దాదాపు 11 శాతం. ఇంటర్నల్ గ్రోత్ రేటు 4.7 నుంచి 7కి ఎగిరిపోతుంది. మనిషి అదే, మిల్లు అదే, లాభం అదే. నీళ్లు పదిహేను రోజులు లేటు, అంతే.

దీన్ని పసిగట్టడం తేలిక. నెలనెలా బ్యాంకుకి ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్లు ఉంటాయి కదా, పన్నెండూ తీసి సగటు వేయండి. అందులో రాసింది నిజమైతే. (నవ్వులు) సస్టెయినబుల్ రేటుకి మాత్రం ఈ జబ్బు తక్కువ. అందులో భాగించేది కేపిటల్‌తో. గోడౌన్ నిండినా ఖాళీ అయినా కేపిటల్ మారదు, మారేది బ్యాంకు అప్పు. అందుకే మన ప్రాంతపు మిల్లులకు నేను రెండో రేటునే ఎక్కువ నమ్ముతాను.

అయితే కేపిటల్‌ని, లాభాన్ని సరిగ్గా తీసుకోవాలి. భాగస్వామ్య సంస్థల్లో ఇది తరచుగా తప్పుతుంది. ఇందాక లాభం 60 లక్షలు అన్నాను. నిజానికి ఆ మిల్లు లాభనష్టాల ఖాతాలో కింద కనిపించే నికర లాభం 42 లక్షలే. భాగస్వాముల జీతం, కేపిటల్ మీద వడ్డీ కలిపి 18 లక్షలు ఖర్చు కింద రాసేశారు. ఆదాయపు పన్నుకి అది సరే. కానీ ఆ 18 లక్షలు బయటికి పోలేదు, భాగస్వాముల కేపిటల్ ఖాతాలోనే జమ పడ్డాయి. వాళ్లు నిజంగా ఇంటికి తీసుకెళ్లింది డ్రాయింగ్స్ 24 లక్షలు. ఎవరైనా 42 తీసుకుని, అందులోంచి 24 తీసేసి, మిగిలింది 18 అని లెక్క కడితే సస్టెయినబుల్ రేటు 4.7 వస్తుంది. సగానికి సగం పోయింది. 18 కలిపి 60 చేస్తేనే లెక్క కుదురుతుంది. అనుమానం వస్తే మళ్లీ కేపిటల్ ఖాతా దగ్గరికే వెళ్లండి. మొదటి నిల్వ, చివరి నిల్వ. మధ్యలో ఎవరైనా పొలం అమ్మి డబ్బు తెచ్చి వేశారేమో చూసి అది తీసేయండి. మిగిలిన పెరుగుదలే మీ రేటు.

డ్రాయింగ్స్ కూడా ఒక్క ఏడాది చూసి నమ్మకండి. ఇంట్లో పెళ్లి జరిగిన ఏడాది రిటెన్షన్ రేషియో సున్నా కిందికి పోతుంది. ఒక మిల్లులో చూశాను, లాభం కంటే డ్రాయింగ్స్ రెండింతలున్నాయి. మూడు నాలుగేళ్ల సగటు తీసుకుంటే మనిషి అలవాటు తెలుస్తుంది.

(సభలో ఒకరు: 9.9 శాతం అంటే తక్కువేం కాదు గదా సార్, ఏడేళ్ల చిల్లరలో డబుల్ అవుతుంది.)

అవుతుంది అన్నా, రూపాయల్లో. బస్తాల్లో కాదు. సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర 2023-24లో క్వింటాలుకి 2,183 రూపాయలు, 2024-25లో 2,300. మన పుట్టి లెక్కలో, 850 కిలోలకి, 18,555 నుంచి 19,550కి పోయింది. అంటే ఐదు శాతం పైన. మీరు నిరుడు కొన్నన్ని పుట్లే ఈ ఏడూ కొన్నా, బియ్యం ధర కూడా ఆ మేరకు పెరిగితే అమ్మకాలు ఐదు శాతం పెరిగినట్టు కనిపిస్తుంది, గోడౌన్‌లో అదే సరుకుకి ఐదు శాతం ఎక్కువ డబ్బు ఇరుక్కుంటుంది. 9.9లో సగానికి పైగా ధరే తినేసింది. నిజంగా పెరగడానికి మిగిలింది నాలుగున్నర. అప్పు లేకుండా పెరుగుదామనుకునే వాళ్ల 4.7 శాతం ఆ ఏడు ధర పెరుగుదలకే చాలదు. ఒక్క బస్తా పెంచకపోయినా వాళ్లు బ్యాంకుకి వెళ్లాల్సిందే.

మరి రేటు పెంచుకోవడం ఎలా? మార్జిన్ పెంచడం మీ చేతుల్లో పెద్దగా లేదు, తవుడు రేటు, నూక రేటు మీరు నిర్ణయించరు. అప్పు నిష్పత్తి పెంచితే అంకె పెరుగుతుంది, రిస్కూ పెరుగుతుంది, అదే ఇందాకటి కథ. డ్రాయింగ్స్ 24 నుంచి 12 లక్షలకు తగ్గిస్తే రిటెన్షన్ 80 శాతం, రేటు 13.6. అది ఇంట్లో ఒప్పించాల్సిన విషయం, నేను చెప్పేది కాదు.

నాకు నచ్చిన దారి బకాయిలు. ఆ మిల్లులో చెన్నై పార్టీలు సగటున 40 రోజులకు డబ్బిస్తున్నారు. దాన్ని 25 రోజులకు తెస్తే 82 లక్షలు బయటపడతాయి. నిల్వ ఇంకో 51 లక్షలు తగ్గించగలిగితే మొత్తం కోటీ 33 లక్షల దాకా. 20 కోట్ల అమ్మకాలకు 8 కోట్లు అక్కర్లేదు, 6 కోట్ల 67 లక్షలు చాలు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. ఈ కోటీ 33 లక్షలతో మీరు బ్యాంకు అప్పు తీర్చేసి కూర్చుంటే సస్టెయినబుల్ రేటు పెద్దగా కదలదు. లాభం అదే 60, కేపిటల్ అదే 4 కోట్లు, తగ్గిన వడ్డీ మేరకు కాస్త తేడా. "ఇంత కష్టపడి వసూలు చేస్తే మీ ఫార్ములాలో కనపడదేంటి" అని ఒకాయన నన్ను నిలదీశాడు. ఆయన అన్నది నిజమే. లాభం కనిపించేది ఆ డబ్బుని మళ్లీ వ్యాపారంలో తిప్పినప్పుడు. అవే 8 కోట్ల ఆస్తులతో, అదే 4 కోట్ల అప్పుతో, 24 కోట్ల అమ్మకాలు చేయొచ్చు. ఒక్క ఏడాది ఇరవై శాతం దూకుడు, ప్రోనోటు లేకుండా. మిల్లుకి అంత మర ఆడే సత్తా ఉండాలనుకోండి. అప్పుడు లాభం 72 లక్షలు, కేపిటల్ మీద 18 శాతం, ఆ తర్వాత నుంచి ఏటా సుమారు 12 శాతం పెరగొచ్చు. ఆ 20 శాతం దూకుడు మాత్రం ఒక్కసారికే. మరుసటి ఏడు మళ్లీ 15 రోజులు తగ్గించాలంటే చెన్నై వాళ్లు 10 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వరు.

(సభలో ఒకరు: చివరికి ఆ 26 కోట్ల మిల్లాయన ఏమయ్యాడు సార్?)

అడుగుతారని తెలుసు. మరుసటి ఏడు లిమిట్ రెన్యువల్‌కి వచ్చాడు. 33 కోట్ల అంచనా పట్టుకొచ్చాడు. ఈసారి కేపిటల్ ఖాతా ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. అరగంట మాట్లాడలేదు ఆయన. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అయితే ఆపుతాను సార్" అన్నాడు. రెండేళ్లు 26 కోట్ల దగ్గరే ఆపాడు. ధర పెరిగింది కాబట్టి బస్తాలు తగ్గాయి, బజారులో "ఆయన పని అయిపోయింది" అన్నారు కూడా. డ్రాయింగ్స్ 24 దాటనివ్వలేదు. మొదటి ఏడు 33 లక్షల చిల్లర ప్రోనోట్లు తీర్చాడు. వడ్డీ తగ్గింది కాబట్టి రెండో ఏడు 41 లక్షల పైన తీర్చగలిగాడు. 85లో మిగిలింది దాదాపు 10 లక్షలు. అది ఎడగారు ధాన్యం అమ్మిన డబ్బుతో కట్టేశానని ఫోన్ చేసి చెప్పాడు. నేను అప్పటికి రిటైర్ అయ్యాను.